కచ్చా బిల్లుతో పెట్టిన క్లెయిమ్ ఆపేశారు. డబ్బు నిజంగానే కట్టాను, ఇప్పుడేం చేయాలి?

సికింద్రాబాద్ సేల్స్ | 6వ తేదీ, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సేల్స్‌లో చేస్తున్నాను. పోయిన నెల 19న ఒక క్లయింట్ దగ్గర డెమో ఉంది. ముందు రోజు రాత్రి చూసుకుంటే ఆఫీసులో ఉన్న రెండు మానిటర్లూ పనిచేయడం లేదు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే "పొద్దున్నే ఎక్కడైనా రెండు కొనేయ్, తర్వాత క్లెయిమ్ పెట్టుకో" అన్నారు. కొట్టు తెరిచేదాకా షట్టర్ ముందు నిలబడి, రెండు మానిటర్లు కొని, నా సొంత యూపీఐ నుంచి 23,600 కట్టాను. డెమో బాగానే జరిగింది.

ఇప్పుడు అకౌంట్స్ వాళ్లు క్లెయిమ్ వెనక్కి పంపారు. నా దగ్గరున్నవి రెండు. ఒకటి, కొట్టులో పుస్తకం నుంచి చింపి ఇచ్చిన గులాబీ రంగు చిట్టీ. పైన "ఎస్టిమేట్" అని ఉంది, కింద "మానిటర్లు 2, 23,600", దాని మీద కొట్టు రబ్బరు స్టాంపు. రెండోది యూపీఐ స్క్రీన్‌షాట్. "ఇది ఇన్‌వాయిస్ కాదు, పక్కా బిల్లు తెండి" అంటున్నారు. మానిటర్లు ఆఫీసులోనే ఉన్నాయి, అందరూ చూస్తున్నారు. కట్టినట్టు బ్యాంకు రుజువు ఉంది. ఇంకేం కావాలి? 23,600 నాకు చిన్న మొత్తం కాదు, ఇంటి అద్దె కట్టే డబ్బు అది.

పాతకాపు | 6వ తేదీ, రాత్రి 10.05

నాయనా, నేను ముప్పై ఏళ్లు ఆఫీసులో వోచర్లు చూసినవాణ్ణి. ఒక తెల్లకాగితం మీద "ఫలానా పనికి ఇంత ఖర్చు పెట్టాను" అని రాసి, రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద అడ్డంగా సంతకం పెట్టు. మేనేజర్ చేత కౌంటర్ సంతకం చేయించు. 5,000 దాటిన రసీదుకి స్టాంపు ఉంటే ఇక ఎవరూ అడ్డు చెప్పరు. మేము అలాగే పాస్ చేసేవాళ్లం.

అద్దె ఇల్లు | 6వ తేదీ, రాత్రి 10.22

నాకూ ఇదే టెన్షన్. మా హెచ్‌ఆర్ వాళ్లు నా అద్దె రసీదులు ఒప్పుకోవడం లేదు. ఏడాదికి లక్ష దాటింది కాబట్టి ఓనరు పాన్ కావాలంటున్నారు. ఆయన ఇవ్వనంటున్నాడు. రసీదు మీద ఆయన సంతకం ఉంటే చాలదా?

లెక్కల లక్ష్మి | 6వ తేదీ, రాత్రి 10.58

అద్దె ఇల్లు గారూ, మీది హెచ్‌ఆర్‌ఏ సంగతి. అది మీ సొంత పన్ను మినహాయింపు, ఇక్కడ అడిగింది కంపెనీ ఖర్చు. రెండూ కలిపితే ఇద్దరికీ అర్థం కాదు. విడిగా ప్రశ్న వేయండి, తప్పక జవాబు రాస్తాను.

సికింద్రాబాద్ సేల్స్ గారూ, నేను పద్నాలుగేళ్లుగా ఒక కంపెనీలో బిల్లులు పాస్ చేసే సీట్లోనే ఉన్నాను. మీరు డబ్బు కట్టారన్న విషయాన్ని మీ అకౌంట్స్ వాళ్లు అనుమానించడం లేదు. యూపీఐ స్క్రీన్‌షాట్ చెప్పేది ఒక్కటే: మీ ఖాతా నుంచి ఫలానా ఖాతాకి 23,600 వెళ్లిందని. ఏం కొన్నారో, ఎవరి కోసం కొన్నారో, అందులో పన్ను ఎంతో అది చెప్పదు. చిట్టీ "మానిటర్లు" అని చెబుతోంది కానీ, దాని మీద మీ కంపెనీ పేరు లేదు, కొట్టు జీఎస్టీ నంబరు లేదు, పన్ను విడిగా లేదు. పైగా "ఎస్టిమేట్" అని ఉంది. ఎస్టిమేట్ అంటే ఇంత అవుతుందని చెప్పే కాగితం, అమ్మామని చెప్పే కాగితం కాదు.

ఇప్పుడు అసలు డబ్బు లెక్క చూడండి. మానిటర్ల మీద జీఎస్టీ 18 శాతం. మీరు కట్టిన 23,600లో పన్ను కలిసే ఉందనుకుంటే:

```
23,600 × 18 ÷ 118 = 3,600
```

అంటే సరుకు 20,000, పన్ను 3,600. కొట్టూ మీ ఆఫీసూ రెండూ తెలంగాణలోనే కాబట్టి అది కేంద్రానికి 1,800 సీజీఎస్టీ, రాష్ట్రానికి 1,800 ఎస్‌జీఎస్టీగా ఉంటుంది. మీ కంపెనీ జీఎస్టీలో రిజిస్టర్ అయి ఉంటే ఈ 3,600ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటుంది. అప్పుడు కంపెనీకి మానిటర్ల అసలు ఖర్చు 20,000 మాత్రమే. కచ్చా బిల్లు మీద ఆ క్రెడిట్ రాదు, ఖర్చు 23,600 అవుతుంది. మీ చిట్టీని అలాగే పాస్ చేస్తే కంపెనీ జేబులోంచి 3,600 పోతుంది. వాళ్లు ఆపింది అందుకే.

పాతకాపు గారూ, పెద్దవారు, మీ మాట కాదనడం లేదు. ఆటో చార్జీ, హమాలీ కూలి, టీ ఖర్చు లాంటివాటికి ఇప్పటికీ మీరు చెప్పిన పద్ధతే నడుస్తుంది. ఆటో డ్రైవరు ఇన్‌వాయిస్ ఎక్కడ ఇస్తాడు? మా దగ్గర కూడా ఒక పరిమితి దాకా ఉద్యోగి రాసిచ్చిన వోచర్ ఒప్పుకుంటాం. కానీ రెవెన్యూ స్టాంపు రుజువు చేసేది డబ్బు అందిందని మాత్రమే. కాగితం మీద లేని జీఎస్టీ నంబరుని స్టాంపు తేలేదు. పైగా ఇక్కడ డబ్బు అందింది కొట్టువాడికి, స్టాంపు మీద సంతకం పెట్టేది ఈయన.

పాతకాపు | 6వ తేదీ, రాత్రి 11.15

నిజమే అమ్మా. మా రోజుల్లో ఈ క్రెడిట్ గొడవ లేదు. ఆ కోణం నేను ఆలోచించలేదు.

కృష్ణాతీరం | 7వ తేదీ, ఉదయం 7.50

లక్ష్మి గారు చెప్పింది కరెక్టే, ఇంకో మాట కలుపుతాను. ఎక్కడ ఖర్చు పెట్టినా ముందే కంపెనీ జీఎస్టీ నంబరు ఇచ్చి బిల్లు రాయించుకుంటే ఈ సమస్య ఉండదు. నేను ప్రతిసారీ అలాగే చేస్తాను. రెండు వారాల క్రితం హైదరాబాద్ ఆఫీసు పని మీద విజయవాడలో రెండు రాత్రులు ఉన్నాను. గది రాత్రికి 3,000, రెండు రాత్రులకి 6,000, దాని మీద 5 శాతం జీఎస్టీ 300. మా హైదరాబాద్ జీఎస్టీ నంబరు రాయించాను. కంపెనీకి 300 క్రెడిట్ మిగిలింది. నంబరు రాయిస్తే చాలు, క్రెడిట్ వచ్చేస్తుంది.

లెక్కల లక్ష్మి | 7వ తేదీ, ఉదయం 9.10

కృష్ణాతీరం గారూ, అలవాటు మంచిదే. కానీ మీ ఉదాహరణలో ఆ 300 మీ కంపెనీకి వచ్చి ఉండదు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణది 36, ఆంధ్రప్రదేశ్‌ది 37. హోటల్ గది విషయంలో పన్ను ఎక్కడిదో తేల్చేది హోటల్ ఉన్న చోటే, బస చేసినవాళ్ల ఆఫీసు ఎక్కడుందన్నది చూడరు. కాబట్టి విజయవాడ హోటల్ వేసింది 150 సీజీఎస్టీ, 150 ఆంధ్ర ఎస్‌జీఎస్టీ. 36తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ ఆ పన్నుని వాడుకోలేదు. మీ కంపెనీకి ఆంధ్రలో కూడా రిజిస్ట్రేషన్ ఉండి, ఆ బస ఆ ఆఫీసు పని కోసమే అయితే 37తో మొదలయ్యే నంబరు ఇవ్వాలి.

కృష్ణాతీరం | 7వ తేదీ, ఉదయం 9.32

ఇన్నేళ్లూ 36 నంబరే ఇస్తూ వచ్చానండీ! అయితే క్రెడిట్ రాని హోటల్‌కి కూడా మా వాళ్లు పక్కా బిల్లే ఎందుకు అడుగుతున్నారు? బుకింగ్ యాప్ పంపిన కన్ఫర్మేషన్ మెయిల్ పెడితే తిప్పి పంపారు.

లెక్కల లక్ష్మి | 7వ తేదీ, ఉదయం 9.55

క్రెడిట్ ఒక్కటే కారణం కాదండీ. కన్ఫర్మేషన్ మెయిల్ గది బుక్ అయిందని చెబుతుంది. మీరు వెళ్లి ఉన్నారని చెప్పదు, తర్వాత రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకోలేదనీ చెప్పదు. హోటల్ బిల్లు మీద మీ పేరు, ఏ తేదీన చేరారు, ఏ తేదీన ఖాళీ చేశారు, గది అద్దె ఎంత, తిండి ఎంత అన్నీ విడివిడిగా ఉంటాయి.

ఇంకో సంగతి నా అనుభవంలోంచి చెబుతాను. ఒక ఉద్యోగి ఒకే ఖర్చుకి మార్చిలో యూపీఐ స్క్రీన్‌షాట్ పెట్టారు, మేలో చిట్టీ పెట్టారు. కావాలని చేసింది కాదు, మొదటిది పాస్ అయిందో లేదో మర్చిపోయారు. రెండూ పాస్ అయ్యాయి, ఆడిట్‌లో దొరికింది. అదే ఇన్‌వాయిస్ అయితే దాని మీద నంబరు ఉంటుంది. ఒక కొట్టు ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు వేయకూడదు. అందుకే కొట్టు పేరు, ఇన్‌వాయిస్ నంబరు ఎక్కించగానే "ఇది ముందే ఉంది" అని మా సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. స్క్రీన్‌షాట్‌నీ గులాబీ చిట్టీనీ అలా జత చేసి పట్టుకునే దారి లేదు. పాపం ఆ ఉద్యోగి మనిషి మంచివాడు, ఆడిటర్ ముందు ఎంత నలిగిపోయాడో నేను చూశాను.

కౌంటర్ వెనక | 7వ తేదీ, మధ్యాహ్నం 2.20

నాది వరంగల్‌లో ఎలక్ట్రికల్ షాపు. కొట్టు వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. ఎవరైనా వచ్చి మామూలుగా కొనుక్కుని వెళ్తే మేం కౌంటర్ సేల్ కింద బిల్లు కొడతాం. రిజిస్ట్రేషన్ లేని కస్టమరు 50,000 లోపు కొంటే ఆయన పేరు, అడ్రస్ రాయక్కర్లేదు. కాబట్టి బిల్లు మీద కంపెనీ పేరు లేకపోతే ప్రతిసారీ అది కొట్టువాడి తప్పు అనుకోవద్దు. కంపెనీ కోసమని మీరు నోరు తెరిచి చెప్పాలి. నంబరు మెసేజ్‌లో చూపిస్తే రెండు నిమిషాల పని.

కానీ "ఎస్టిమేట్" చిట్టీ ఇచ్చి పంపడం మాత్రం తప్పే. 200 దాటిన సరుకుకి మేం బిల్లు ఇవ్వాల్సిందే. సేల్స్ అన్నా, నువ్వు ముందు ఆ కొట్టు బోర్డు చూడు. రిజిస్టర్ అయిన షాపు బోర్డు మీద జీఎస్టీ నంబరు రాసి ఉండాలి. నంబరు దొరికితే జీఎస్టీ పోర్టల్‌లో "Search Taxpayer"లో టైప్ చెయ్. లాగిన్ అక్కర్లేదు. షాపు పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా లేదా, ఏ రకం అన్నీ వస్తాయి. అక్కడ "Composition" అని వస్తే అది చిన్న వ్యాపారులకి ఉన్న సులువు పన్ను పథకంలో ఉన్నట్టు, ఆ షాపు కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, పన్ను ఇన్‌వాయిస్ ఇవ్వలేదు. అది ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై. అప్పుడు నీ 23,600లో లక్ష్మి మేడమ్ లెక్క కట్టిన 3,600 అసలు లేనే లేదు.

లెక్కల లక్ష్మి | 7వ తేదీ, మధ్యాహ్నం 3.05

కౌంటర్ వెనక గారు చెప్పింది చాలా ముఖ్యం. నేను పన్ను కలిసి ఉందనుకుని లెక్క కట్టాను. షాపు కాంపోజిషన్‌లో ఉన్నా, అసలు రిజిస్ట్రేషన్ అవసరం లేనంత చిన్నదైనా క్రెడిట్ ప్రశ్నే రాదు. అప్పుడు కంపెనీ పేరుతో, తేదీ, నంబరు, సరుకు వివరం ఉన్న బిల్లు తెస్తే మీ వాళ్లు పాస్ చేయాలి. చేయకపోతే తప్పు వాళ్లదే.

షాపు "Regular" అని వస్తే మాత్రం వెంటనే కదలండి. ఈ రోజు 7. నెలనెలా రిటర్న్ వేసే షాపులు పోయిన నెల అమ్మకాలని ఈ నెల 11 లోపు GSTR-1లో చూపిస్తాయి. మీ అమ్మకాన్ని కౌంటర్ సేల్ మొత్తంలో కలిపేసి రిటర్న్ వేశారంటే సవరణ చేయాలి, కొట్టువాళ్లు విసుక్కుంటారు. వేయకముందే వెళ్తే మీ కంపెనీ పేరు మీద ఇన్‌వాయిస్ చూపించడం సులువు. ఆ షాపు మూడు నెలలకోసారి వేసే రకమైతే కొంచెం టైమ్ ఉంటుంది.

బిల్లు చేతికి వచ్చినంత మాత్రాన కూడా పని అయిపోలేదు. షాపు దాన్ని తన రిటర్న్‌లో చూపిస్తేనే అది మీ కంపెనీ GSTR-2Bలో, అంటే పోర్టల్ కంపెనీకి తయారు చేసి ఇచ్చే కొనుగోలు బిల్లుల జాబితాలో కనబడుతుంది. కనబడితేనే క్రెడిట్. 2022 జనవరి నుంచి ఇదే నియమం. అందుకే మా సీట్లో ఉన్నవాళ్లం బిల్లు చూశాక కూడా ఇంకోసారి 2Bలో వెతుకుతాం.

కృష్ణాతీరం | 7వ తేదీ, సాయంత్రం 4.15

బిల్లులో ఏ చిన్న తప్పున్నా క్రెడిట్ పోతుంది కదా? పిన్‌కోడ్ తప్పు పడిందని మా వాళ్లు ఒకసారి తిప్పి పంపారు. కాబట్టి సేల్స్ గారూ, ప్రతి అక్షరం సరిచూసుకోండి.

లెక్కల లక్ష్మి | 7వ తేదీ, సాయంత్రం 4.50

పిన్‌కోడ్‌కి తిప్పి పంపడం అతి జాగ్రత్త అండీ. రూల్స్‌లోనే ఒక వెసులుబాటు ఉంది. అన్ని వివరాలూ లేకపోయినా పన్ను మొత్తం, సరుకు వివరం, మొత్తం విలువ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు ఉంటే క్రెడిట్ తీసుకోవచ్చు. వేరే రాష్ట్రం అమ్మకమైతే ఏ రాష్ట్రానికి సరఫరా అన్నది కూడా ఉండాలి. మీ కంపెనీ జీఎస్టీ నంబరులో ఒక్క అక్షరం తేడా వస్తే మాత్రం నిజంగానే చిక్కు. ఎందుకంటే బిల్లు వేరేవాళ్ల 2Bలోకి వెళ్తుంది, లేదా ఎక్కడికీ వెళ్లదు. ఆ 15 అక్షరాలూ వేలు పెట్టి చదవండి, సున్నాకీ ఇంగ్లిష్ ఓ అక్షరానికీ తేడా చూసుకోండి.

సికింద్రాబాద్ సేల్స్ | 9వ తేదీ, రాత్రి 8.30

అందరికీ చాలా థాంక్స్. ఈ రోజు మధ్యాహ్నం కొట్టుకి వెళ్లాను. బోర్డు మీద కింద మూలన నంబరు ఉంది. బయట నిలబడే ఫోన్‌లో వెతికాను, "Regular", "Active" అని వచ్చింది. లోపల మొదట "అప్పుడే అడగాల్సింది సార్, ఇప్పుడు పక్కా బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా అవుతుంది" అన్నారు. నాకు గుండె జారింది. 23,600 మీద 18 శాతం అంటే ఇంకో 4,248. "మీరు ఆ రోజు అన్నీ కలిపి అన్నారు కదా, విడిగా పన్ను ఉంటుందని అప్పుడు చెప్పలేదు కదా" అని మర్యాదగానే అడిగాను. ఓనరు వచ్చి చిట్టీ చూసి, కాసేపు ఆలోచించి, 23,600లోనే పన్ను కలిపి ఇస్తానన్నారు. 20,000, 1,800, 1,800 అని విడగొట్టి, మా కంపెనీ పేరు, నంబరు వేసి ఇన్‌వాయిస్ ఇచ్చారు. ఈ నెల రిటర్న్ ఇంకా వేయలేదట.

ఒకటే తేడా. ఇన్‌వాయిస్ మీద ఈ రోజు తేదీ, 9 వేశారు. నేను కొన్నది పోయిన నెల 19న. "పాత తేదీ వేస్తే నా నంబర్ల వరస చెడిపోతుంది" అన్నారు. మా అకౌంట్స్ వాళ్లు దీన్ని ఒప్పుకుంటారా?

కౌంటర్ వెనక | 9వ తేదీ, రాత్రి 9.05

ఓనరు చెప్పింది నిజం అన్నా. 19న నా దగ్గర బిల్లు నంబరు 410 అనుకో, ఇప్పుడు 530 నడుస్తోంది. మధ్యలో ఇరికించలేం. ఈ రోజు తేదీతోనే ఇస్తాం. ఆయన నిన్ను ఎక్స్‌ట్రా అడగకుండా వదిలాడు, అదే గొప్ప.

లెక్కల లక్ష్మి | 9వ తేదీ, రాత్రి 9.40

నేను పూర్తిగా ఒప్పుకోలేనండీ. సరుకు చేతికిచ్చేనాటికి, లేదా అంతకుముందే ఇన్‌వాయిస్ ఇవ్వాలన్నది రూలు. 19న ఇచ్చిన సరుకుకి మరుసటి నెల 9న బిల్లు అంటే అది ఆలస్యమే, పన్ను కట్టడం కూడా ఒక నెల ఆలస్యమవుతుంది. ఆ తప్పు షాపుది, మీది కాదు. కానీ మీ అకౌంట్స్ వాళ్లకి చెల్లింపు తేదీ 19, బిల్లు తేదీ 9 అని తేడా కనబడుతుంది. 19న డెమోకి వాడిన మానిటర్లకి 9న బిల్లేంటని ఆడిటర్ అడుగుతాడు.

నేను మీ అకౌంట్స్ సీట్లో ఉంటే ఇలా చేస్తాను. ఇన్‌వాయిస్, గులాబీ చిట్టీ, యూపీఐ స్క్రీన్‌షాట్ మూడూ కలిపి పిన్ చేయిస్తాను. మీ చేత నాలుగు లైన్ల నోట్ రాయించుకుంటాను: ఏ రోజు కొన్నారు, ఎందుకు ఎస్టిమేట్ మాత్రమే ఇచ్చారు, ఏ రోజు ఇన్‌వాయిస్ తెచ్చారు, యూపీఐ రిఫరెన్స్ నంబరు. మేనేజర్ చేత "నేనే కొనమన్నాను" అని మెయిల్ పెట్టిస్తాను. అప్పుడు మీకు 23,600 ఇచ్చేస్తాను. క్రెడిట్ 3,600 మాత్రం 2Bలో కనబడేదాకా తీసుకోను. కానీ మీ వాళ్లు నాలాగే చూస్తారని హామీ ఇవ్వలేను.

పాతకాపు | 9వ తేదీ, రాత్రి 10.00

నాకొక సందేహం అమ్మా. ఒకవేళ షాపువాడు రిటర్న్‌లో చూపించకపోతే ఆ 3,600 ఎవరు భరించాలి? ఈ కుర్రాడు మేనేజర్ చెబితేనే కొన్నాడు. పని కంపెనీది. ఇతని జీతంలోంచి కోయడం న్యాయమా?

లెక్కల లక్ష్మి | 9వ తేదీ, రాత్రి 10.20

న్యాయం కాదనే నేనంటాను. కొన్ని కంపెనీల పాలసీలో "సరైన ఇన్‌వాయిస్ లేకపోతే పన్ను భాగం తిరిగి ఇవ్వం" అని రాసి ఉంటుంది. అలా రాసి ముందే చెప్పి ఉంటే వాదించడం కష్టం. కానీ ఇక్కడ మనిషి సరైన ఇన్‌వాయిస్ తెచ్చాడు. ఆ తర్వాత షాపు చేసేది అతని చేతిలో లేదు. షాపుతో మాట్లాడాల్సింది కంపెనీ కొనుగోళ్ల వాళ్లు.

కృష్ణాతీరం | 9వ తేదీ, రాత్రి 10.35

మా పాలసీలో సరిగ్గా ఆ లైనే ఉందండీ. మా ఫ్రెండ్‌కి ఒకసారి కోశారు కూడా. "తెలియని షాపులో కొనడమే నీ తప్పు" అన్నారు. నాకు అదీ ఒక రకంగా కరెక్టే అనిపిస్తుంది, ఎందుకంటే కొట్టు ఎంచుకున్నది ఉద్యోగే కదా.

కౌంటర్ వెనక | 9వ తేదీ, రాత్రి 10.50

పొద్దున్నే డెమో పెట్టుకున్నవాడు తెరిచి ఉన్న కొట్టులో కొంటాడు అన్నా, ఏరుకుంటూ కూర్చోడు.

సికింద్రాబాద్ సేల్స్ | 10వ తేదీ, సాయంత్రం 6.45

లక్ష్మి మేడమ్ చెప్పినట్టే మూడు కాగితాలూ కలిపి, నోట్ రాసి ఇచ్చాను. మేనేజర్ మెయిల్ కూడా జత చేశాను. అకౌంట్స్ ఆయన తేదీ దగ్గర పెన్నుతో గుండ్రంగా గీశారు, ఏమీ అనలేదు. 20,000 ఈ నెల జీతంతో వేస్తామన్నారు. మిగతా 3,600 వచ్చే నెల 14 తర్వాత 2B చూసి చెబుతామన్నారు, ఎందుకంటే 9వ తేదీ బిల్లు వచ్చే నెల 11 లోపు వేసే రిటర్న్‌లోనే వెళ్తుందట. ఆ రోజు ఇక్కడే వచ్చి రాస్తాను.